మా రిలేకు, ఆఖరి మస్టరు నాడు

తమ్ముళ్లారా, ఈ నెలాఖరుతో నాకు 61 నిండుతాయి. ఇవాళ పడ్డ మస్టరే ఆఖరుది. కాసేపట్లో ఆఫీసు ముందు శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మాటలు మాట్లాడమంటారు. సార్లందరి ముందు చెప్పే మాటలు వేరు, మీకు చెప్పాల్సినవి వేరు. అందుకే ఈ కాయితం.

గోదావరికి అటు మందమర్రిలో మొదలుపెట్టి, ఇటు గోదావరిఖనిలో దిగిపోతున్నాను. అప్పుడు అది ఆదిలాబాద్ జిల్లా, ఇది కరీంనగర్ జిల్లా. ఇప్పుడు మంచిర్యాల, పెద్దపల్లి అంటున్నాం. నేను కొత్తగా బాయిల దిగిన రోజుల్లో కప్పుకు కర్ర ప్రాపులే ఆసరా. బరువు మీద పడుతుంటే కర్ర ముందు చిటచిటమనేది, ఆ తర్వాత పీచులు లేచేవి. పెద్దవాళ్లు ఆ చప్పుడు విని తట్టలు వదిలేసి బయటికి నడిచేవాళ్లు. ఇప్పుడు బోల్టులు వచ్చాయి. కప్పులో ఐదారు అడుగుల రంధ్రం వేసి, సిమెంటు గుళికలు నింపి, ఇనుప కడ్డీ దిగ్గొట్టి, ప్లేటు పెట్టి నట్టు బిగిస్తాం. పొరలు పొరలుగా ఉన్న బండను అది ఒక్కటిగా కుట్టేస్తుంది. కర్రకన్నా చాలా నయం, ఎస్‌డీఎల్ తిరగడానికి అడ్డమూ ఉండదు. కానీ కర్రలాగా ముందే చప్పుడు చేసి చెప్పదు. అందుకే బీటెక్కులు చదివి బదిలీ వర్కర్లుగా వచ్చిన మీచేత, విసుక్కున్నా సరే, ఇన్నాళ్లూ కప్పు కొట్టించాను.

పద్ధతి మీకు తెలిసిందే, అయినా మళ్లీ రాస్తున్నాను. పేల్చినాక పొగ పూర్తిగా పోవాలి. బోల్టు పడ్డ కప్పు కిందే నిలబడి, వెనక్కి తప్పుకునే దారి ఉంచుకుని, ముందుకు చాచి కర్రతో కొట్టాలి. గట్టి బండ కంగుమంటుంది. పొర విడిచిన బండ బొదబొదమంటుంది. చెయ్యి అందే ఎత్తైతే రెండో చేతి వేళ్లు కప్పుకు ఆనించండి. చెవికి చిక్కని అదురు వేళ్లకు చిక్కుతుంది. వదులున్న ముక్కను పొడవాటి గడ్డపారతో, పక్కనుంచే దించాలి.

అయితే చప్పుడును పూర్తిగా నమ్మొద్దు. నిరుడు వానాకాలం ఆ రాత్రి షిఫ్టు మీకు యాదికుంది కదా. కప్పు నేనే కొట్టి చూశాను, ఎక్కడ కొట్టినా కంగుమంది. కప్పు గట్టిగానే ఉందన్నాను. మన సపోర్టుమన్ అన్న మాత్రం క్యాప్‌ల్యాంపు వాలుగా పట్టి చాలాసేపు చూశాడు. "సర్దారన్నా, ఇటు జూడు" అన్నాడు. కప్పుకు అడ్డంగా వెంట్రుకంత గీత, దాని వెంట తడి మెరుపు. మూడడుగుల అవతల ఇంకో గీత. రెండూ పైకి పోతూ ఒకదాని వైపు ఒకటి వాలుతున్నాయి. అంటే నడుమ ఉన్నది మేకులాంటి బండ, రెండు పక్కలా నున్నటి స్లిప్పులు. మందపాటి బండ కాబట్టి కొడితే గట్టిగానే మోగుతుంది, కానీ దాన్ని పైనుంచి పట్టుకున్నదేమీ లేదు. బండిని వెనక్కి తీయించి, కంచె కట్టించి, అందరినీ జంక్షన్ ఇవతలికి తెచ్చాను. మనం తెచ్చుకున్న చాయ్ తాగడం పూర్తి కాలేదు, అది పడింది. ఎవరికీ గీత పడలేదు.

ఆ అన్నకు అప్పుడు అందరి ముందు దండం పెట్టాలనిపించింది, పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. ఇరవై మంది నా మాట మీద కప్పు కిందికి పోయేవాళ్లు. మీ ఇంట్లోవాళ్లు నా ముఖం కూడా ఎరగరు, అయినా మీరు ఇల్లు చేరడం నా మాట మీద ఉండేది. షిఫ్టు అయ్యాక ల్యాంపు రూము దగ్గర ఒక్కొక్కరి ల్యాంపు వాపసు పడేదాకా నేను కదలకపోవడం చూసి "మీకెందుకన్నా, పోండి" అనేవాళ్లు. నాకు అప్పుడు గానీ డ్యూటీ దిగినట్టుండేది కాదు. మీరంటే నాకు ప్రాణం. నోటితో ఎన్నడూ అనలేదు, అందుకే రాస్తున్నాను.

ఇక పని సంగతి. రెండో జంక్షన్ దాటగానే కుడి మూలన అలాంటి గీతే ఒకటి ఈ వారం బయటపడింది. రిపోర్టు పుస్తకంలో రాశాను, ఓవర్‌మన్ సారుకు చూపించాను. దానికి రెండు వైపులా బోల్టులు అదనంగా పడాలి. అవి పడేదాకా అటు ఎవరినీ పోనియ్యకండి, టబ్బులు ఆగినా సరే. కొత్త సర్దారు రేపు మొదటి షిఫ్టుకు వస్తాడు. ఈ డిస్ట్రిక్టు ఆయనకు కొత్త, సపోర్టుమన్ అన్న వెంట ఉండి చూపించాలి.