ప్రకటన కింది అంచు

గల్ఫ్ ఉద్యోగ ప్రకటన ఇప్పుడు మనకు ఎక్కువగా వాట్సాప్‌లో ఫొటోగా వస్తోంది. ఎవరో పేపరును ఫోన్‌తో తీసి పంపుతారు. అందులో తేదీ ఉండదు, కింది అంచు తెగిపోయి ఉంటుంది. ఇలాంటి ఫొటోను కింది అంచు దాకా చదవాలని నాకు నేర్పింది, సౌదీలో పనిచేసి సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఒక వెల్డరు.

మా మేనల్లుడికి వచ్చిన ఫొటో ఇది: ‘సౌదీ, షట్‌డౌన్ పని. 6జీ వెల్డర్, టిగ్ అండ్ ఆర్క్. గల్ఫ్ రిటర్న్ మస్ట్. 1,800 రియాళ్లు, ఫ్యాట్. పది గంటల డ్యూటీ.’

వాడు 1,800 చూశాడు. ఆయన మాత్రం ‘షట్‌డౌన్’ దగ్గర ఆగాడు. అంటే రిఫైనరీని మరమ్మతులకు ఆపిన కొద్ది వారాల పని. అది ముగిశాక కొలువు ఉంటుందా అన్నది ఒప్పందంలోనే చూడాలి. 6జీ అంటే 45 డిగ్రీలు వంచి బిగించిన పైపును తిప్పకుండా, చుట్టూ వెల్డరే తిరిగి అతకడం. మొదటి పొర టిగ్‌తో, మిగతావి ఆర్క్‌తో వేస్తారు. ట్రేడ్ టెస్టులో ఆ అతుకును ఎక్స్‌రే తీస్తే లోపల గాలి బుడగ ఉన్నా తెలిసిపోతుంది. ఐటీఐ సర్టిఫికెట్ అక్కడ ఆదుకోదు. ‘ఫ్యాట్’ అంటే తిండి, వసతి, రవాణా కంపెనీవే. సౌదీలో మామూలు పనిదినం ఎనిమిది గంటలు. మిగతా రెండు గంటల ఓటీ ఆ 1,800లోనే కలిసిందా, విడిగా ఇస్తారా అని అడగాలి.

‘గల్ఫ్ రిటర్న్ మస్ట్’ అన్నప్పుడు పాత వీసా కాపీ, కంపెనీ లెటర్‌హెడ్ మీద అనుభవపత్రం చూపాలి. ‘ప్రిఫర్డ్’ అని ఉంటే ఇక్కడి అనుభవంతోనూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మావాడికి ఇక్కడి అనుభవమే ఉంది. అది తనకు తగిన ప్రకటన కాదని అక్కడే తేలింది.

అయినా ఆయన వదల్లేదు. ‘‘ఆర్.సి. నంబరేది బిడ్డా?’’ అన్నాడు. అది విదేశాంగ శాఖ ఏజెన్సీకిచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఈ ఫొటోలో తెగిపోయింది. అది కనిపించినా నమ్మెయ్యకూడదట. అసలు ఏజెన్సీ పేరూ నంబరూ ఉంచి, పక్కన తమ ఫోన్ నంబరు పెట్టుకునే మోసగాళ్లున్నారు. అందుకే emigrate.gov.inలో ఏజెన్సీని వెతికి, లైసెన్సు చెల్లుతోందో లేదో చూసి, అక్కడున్న ఫోన్ నంబరుకే చెయ్యాలి. దరఖాస్తుకు పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీల కాపీలు, సర్టిఫికెట్లు, బయోడేటా చాలు. ఈ దశలో అసలు పాస్‌పోర్ట్ ఇవ్వకూడదు. ఏజెన్సీ తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అది ఏజెన్సీ పేరున్న ఖాతాలో వేసి రసీదు తీసుకోవాలి.

ఆ సాయంత్రమే మావాడు ఫొటో పంపినవాణ్ణి పేపరు పేరు, తేదీ, కింది అంచు అడిగాడు. జవాబు రాలేదు.