మా ఊరు కదల్లేదు, అడ్రస్ కదిలింది

మా చెల్లికి విదేశంలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఎడ్యుకేషన్ లోన్‌కి హామీగా మామిడికుదురు మండలంలోని మా కొబ్బరితోట కాగితాలు పెట్టాం. వారం తిరక్కుండా బ్యాంకు తరఫు లాయరు గారు ఫోన్ చేశారు.

"దస్తావేజులో రాజోలు తాలూకా, తూర్పు గోదావరి జిల్లా అని ఉందండి. ఇప్పటి ఈసీలో మామిడికుదురు మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని ఉంది. రెండూ ఒకే ఊరని చూపించే గెజిట్ కాపీలు పెట్టండి."

పక్కనే ఉన్న నాన్న "ఊరు ఎక్కడికి పోద్దండీ, అక్కడే ఉంది కదా, ఆయ్!" అన్నారు. లాయరు గారు నవ్వారు గానీ ఫైల్ కదల్లేదు. ఫీజు కట్టడానికి గడువు నెలన్నరే ఉంది.

ఇదెంత పని, వాట్సాప్‌లో ఉంటుంది కదా అనుకున్నాను. ఫ్యామిలీ గ్రూపులో వెతికితే 'కోనసీమ జిల్లా గెజిట్' అని ఒక పీడీఎఫ్ దొరికింది కూడా. పంపేశాను. "ఇది చెల్లదు బాబూ, ఒకసారి చదువు" అని తిప్పి పంపారు.

అప్పుడు చదివాను. అది 2022 జనవరిలో వచ్చిన ముసాయిదా. అందులో ఎక్కడా 'ఏర్పాటు చేస్తున్నాం' అని లేదు. 'చేయాలని ప్రతిపాదిస్తున్నాం, అభ్యంతరాలు ఉంటే 30 రోజుల్లో కలెక్టరుకు చెప్పండి' అని ఉంది. జిల్లాల ఏర్పాటు చట్టం 1974లోది. దాని ప్రకారం హద్దులు మార్చాలన్నా, పేరు మార్చాలన్నా ముందు ముసాయిదా వేసి జనం మాట వినాలి. తర్వాతే తుది నోటిఫికేషన్. రెండూ గెజిట్‌లోనే అచ్చవుతాయి, పైన అదే రాజముద్ర ఉంటుంది, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే రెండు మాటలు వెతకాలి. అభ్యంతరాలు అడిగితే ముసాయిదా. ఫలానా తేదీ నుంచి అమలు అని ఉంటే తుది ఉత్తర్వు. మన జిల్లాకి ఆ తేదీ 2022 ఏప్రిల్ 4. కొత్తపేట రెవెన్యూ డివిజన్ వచ్చింది కూడా అప్పుడే.

సరే, తుదిది కావాలి. జీవోల సైట్ goir.ap.gov.in ఉంది కదా అని వెళ్లాను. అక్కడ ఇంకో చిక్కు. 2021 ఆగస్టులో ప్రభుత్వం ఆ సైట్‌లో జీవోలు పెట్టడం ఆపేసింది. మళ్లీ మొదలైంది 2024 ఆగస్టులో. మన జిల్లా పుట్టింది సరిగ్గా ఆ మధ్యలోనే! కాబట్టి అక్కడ దొరకలేదంటే ఉత్తర్వు లేదని కాదు, గెజిట్ సైట్‌లో చూడాలని. అదే apegazette.cgg.gov.in. అక్కడ ఊరి పేరుతో వెతికి ఒక సాయంత్రం వృథా చేశాను. స్కాన్ చేసిన పేజీలు ఫొటోల్లాంటివి, లోపలి అక్షరాలు సెర్చ్‌కి చిక్కవు. పైగా ఇంగ్లిష్‌లో మన ఊళ్లకి ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు. పేరు వదిలేసి శాఖ రెవెన్యూ, తేదీలు ఏప్రిల్ మొదటి వారం అని పెట్టుకుని ఒక్కోటీ తెరిస్తే దొరికింది.

గెజిట్ కాపీ దొరికాక మొదటి పేజీ మీద మూడు విషయాలు రాసి పెట్టుకోండి. ఏ భాగం, ఏ నంబరు, ఏ తేదీ. నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, అసాధారణ సంచికలకు వేరే వరస. కాబట్టి నంబరు ఒక్కటే చెప్తే ఎవరికీ దొరకదు.

ఇంకో మెలిక. ఏప్రిల్ ఉత్తర్వులో జిల్లా పేరు ఒట్టి 'కోనసీమ' అనే ఉంటుంది. ఇప్పుడున్న పేరు వేరే ఉత్తర్వుతో వచ్చింది. దాని ముసాయిదా మే 18న వచ్చింది, దాని మీదే మే 24న అమలాపురంలో గొడవలయ్యాయి. మనకి నెట్ కట్ అయిన రోజులు గుర్తున్నాయిగా? తుది గెజిట్ ఆగస్టులో వచ్చింది. ఆ కాగితం హద్దుల్ని ముట్టుకోలేదు, పేరు మాత్రమే మార్చింది. లాయరు గారికి రెండూ కావాలి. రెండూ పంపాను.

"జిల్లా కుదిరింది. మరి తాలూకా?" అన్నారు.

నేను గమనించనిది అదే. 2022 గెజిట్ షెడ్యూల్‌లో ఏ మండలం ఏ జిల్లాలో అని ఉంటుంది. ఏ ఊరు ఏ మండలంలో అని ఉండదు. ఊళ్ల లెక్క తెలియాలంటే 1985కి వెళ్లాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టిన సంవత్సరం అది. రాజోలు తాలూకా ముక్కలై మండలాలైనప్పుడు ఏ గ్రామం ఎటు పోయిందో ఆ నోటిఫికేషన్ల షెడ్యూళ్లలో ఉంటుంది. అవి ఫోన్‌లో నాకు దొరకలేదు.

అప్పుడు మా తెలుగు మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. జనాభా లెక్కల వాళ్లు పదేళ్లకోసారి జిల్లాకో పుస్తకం వేస్తారు, అందులో ప్రతి గ్రామం పేరూ ఉంటుంది. పాతవి censusindia.gov.in లో ఉన్నాయి. 1981 తూర్పు గోదావరి పుస్తకంలో ఊళ్లు తాలూకాల కింద ఉంటాయి, 1991 పుస్తకంలో మండలాల కింద ఉంటాయి. మా ఊరు మొదటిదాంట్లో రాజోలు కింద, రెండోదాంట్లో మామిడికుదురు కింద కనిపించింది. ఇది ఉత్తర్వు కాదు, కానీ మార్పు ఏ రెండు సంవత్సరాల మధ్య జరిగిందో తేల్చేస్తుంది. మండలం పుట్టాక మీ ఊరు మళ్లీ చేతులు మారిందేమో కూడా ఇలాగే తరవాతి పుస్తకాలతో పోల్చి చూడొచ్చు. ఈమధ్య మార్పులైతే lgdirectory.gov.in లో ఆ ఊరి కోడ్‌తో పాటు ఉత్తర్వు నంబరు, తేదీ కూడా దొరికే అవకాశం ఉంది. పాతవాటికి అది పనికిరాదు.

ఈ రెండు పేజీలూ జత చేసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 'మా ఊరి వివరాలు ఇవ్వండి' అని రాయలేదు. 'రాజోలు తాలూకా నుంచి మామిడికుదురు మండలం ఏర్పడినప్పుడు, 1985లో, గెజిట్‌లో వచ్చిన నోటిఫికేషన్, గ్రామాల షెడ్యూలుతో సహా, ధ్రువీకరించిన నకలు' అని రాశాను. జిల్లా ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, మండల ఆఫీసుకైతే 5. అమలాపురంలో ఇచ్చాను. పాత జిల్లాకి కాకినాడ హెడ్‌క్వార్టర్ కదా, పాత రికార్డు అక్కడే ఉందట, దరఖాస్తు అటు పంపారు. అలా పంపాల్సింది వాళ్లే, అయిదు రోజుల్లో, మనం మళ్లీ పెట్టక్కర్లేదు. నాలుగో వారంలో కవరు వచ్చింది. మసకబారిన జిరాక్సు, మూడో పేజీలో మా ఊరు. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు.

లోన్ శాంక్షన్ అయింది, గడువుకి నాలుగు రోజుల ముందు.

తోట కాగితాలు మళ్లీ పెట్టెలో పెడుతుంటే మామ్మ అడుగునుంచి ఇంకో దస్తావేజు తీసింది. ముత్తాత గారిది, 1890ల నాటిది. అందులో మా ఊరు నరసాపురం తాలూకా, గోదావరి జిల్లా! గోదావరి దాటి అవతలి ఒడ్డు తాలూకా అన్నమాట. 1904లో నరసాపురం తాలూకాని కృష్ణా జిల్లాకి ఇచ్చేసినప్పుడు, వైనతేయకీ వశిష్ఠకీ మధ్యనున్న ఈ నగరం లంక ఒక్కటీ గోదావరి జిల్లాలోనే ఉండిపోయి విడిగా నగరం తాలూకా అయింది. తర్వాత అదే రాజోలు తాలూకా. 1925లో జిల్లా పేరు తూర్పు గోదావరి.

1904 ఉత్తర్వు కావాలంటే ఆంధ్రప్రదేశ్ గెజిట్‌లో వెతికి లాభం లేదు. అప్పటి మద్రాసు ప్రభుత్వ గెజిట్ పేరు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, పాత సంపుటాల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. బ్యాంకు అడగలేదు. అయినా ఆ సంవత్సరం, ఆ పేరు ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకున్నాను. చెల్లి ఫ్లైట్ ఎలాగూ చెన్నై నుంచే.