మధ్యలో నేను

వాట్సాప్ కాల్స్ ఇక్కడ పనిచేయవు కదా, అందుకని మన వాళ్ళందరికీ వాయిస్ మెసేజ్‌లు పంపే అలవాటు. పోయినేడాది మార్చిలో రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక నా ఫోన్‌లో రెండు వాయిస్ మెసేజ్‌లు ఎదురుచూస్తూ ఉండేవి. ఒకటి కరామాలో ఉండే అక్కది, ఇంకోటి షార్జా అల్ నహదాలో ఉండే వదినది. ఒక్కోటి ఐదారు నిమిషాలు. రెండింటి సారాంశం ఒకటే: "ఆవిడతో నేను చెయ్యలేను, నువ్వే ఏదో ఒకటి తేల్చు."

మాది పెద్ద సంఘమేమీ కాదు. నలభై కుటుంబాలు కలిసి సంక్రాంతికీ ఉగాదికీ ఒక హాలు మాట్లాడుకుని, పిల్లల చేత డాన్సులు, పద్యాలు చెప్పించుకుని, అరిటాకు భోజనం చేసి ఇళ్ళకు పోతాం. స్టేజీ అంతా కరామా అక్క చూస్తుంది. భోజనాలు నహదా వదినవి. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అని అందరినీ కలిపే పని నాకు అప్పజెప్పారు. ఇంట్లో ఉండేవాళ్ళకి పని ఉండదని ఎవరు కనిపెట్టారో గానీ!

ఇద్దరూ మంచివాళ్ళే. గొడవ జనవరిలో సంక్రాంతి రోజు మొదలైంది. అక్క చెప్పేది: "పిల్లలు స్టేజీ మీద ఉండగానే భోజనాల మూతలు తీసేసింది. జనం అంతా లేచిపోయారు. మా పాప ఖాళీ కుర్చీల ముందు ఆడింది. నా మీద కుళ్ళు ఆవిడకి." వదిన చెప్పేది: "పన్నెండుకి అయిపోతుందని చెప్పి ఒంటిగంట దాకా సాగదీసింది. గారెలు రబ్బరైపోయాయి. వడ్డించేవాళ్ళని ఇంకో గంట ఉండమని నేను బతిమాలాల్సొచ్చింది. మా కష్టం ఆవిడకి కనపడదు, అంతా తన షోకే."

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే ఉంది. అక్క ఫోన్ చేసినప్పుడు "అవునక్కా, వదిన కొంచెం దూకుడే" అన్నాను. వదినతో "నిజమే వదినా, అక్కకి టైమ్ లెక్క తెలీదు" అన్నాను. ఇద్దరినీ చల్లబరుద్దామనే అన్నాను. కానీ బాధ విన్నానని చెప్పడం వేరు, తీర్పు చెప్పడం వేరు. "నీకు చాలా కష్టం అనిపించింది కదా" అని ఆపి ఉంటే సరిపోయేది.

ఉగాదికి కూడా ఇదే తంతు అయ్యేలా ఉందని భయమేసింది. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, ఇక్కడ రంజాన్ పండగా అదే రోజు. అందుకని మా కార్యక్రమం ఏప్రిల్ 5, శనివారానికి పెట్టుకున్నాం. మూడు వారాలే ఉంది. వీళ్ళిద్దరిలో ఎవరు తప్పుకున్నా అది జరగదు.

ఒకరాత్రి నిద్ర పట్టక ఇద్దరి మాటలూ కాగితం మీద రాశాను. నేను బీఎస్సీ కెమిస్ట్రీ. సాల్ట్ ఎనాలిసిస్ రికార్డు గుర్తుందా? ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ అని మూడు గళ్ళు. సిల్వర్ నైట్రేట్ కలిపితే తెల్లటి అవక్షేపం వచ్చింది, అది పరిశీలన. క్లోరైడ్ ఉంది, అది నిర్ధారణ. పరిశీలన గడిలో "క్లోరైడ్" అని రాస్తే మా మేడమ్ ఎర్ర సిరాతో కొట్టేసేవారు. "నీకు కనపడింది క్లోరైడా, తెల్ల మడ్డా?" అని అడిగేవారు. వీళ్ళ ఫిర్యాదులను అలా విడదీసి చూశాను. "మూతలు తీసింది" పరిశీలన. "కుళ్ళు" నిర్ధారణ. "ఒంటిగంట అయింది" పరిశీలన. "తన షోకే" నిర్ధారణ. ఇద్దరి పరిశీలనలూ నిజమే, ఒకదానికొకటి అడ్డం రావడం లేదు. గొడవంతా మూడో గడిలోనే ఉంది.

తర్వాత సంక్రాంతి ఫోటోల టైములు చూశాను. ఫోన్ అబద్ధం చెప్పదు. మొదటి పాట 10:30కి. మూతలు తీసిన ఫోటో 12:31కి. అక్క వాళ్ళ పాప, పంతొమ్మిదో అంశం, 12:38కి. మొత్తం 22 అంశాలు. ఒక్కోటి నాలుగు నిమిషాలని అక్క లిస్టులో ఉంది, అంటే 88 నిమిషాలు, పన్నెండు లోపే అయిపోవాలి. వదిన భోజనం 12:15కి సిద్ధం చేసింది ఆ లిస్టు చూసే. అది కాక పావుగంట ఆగింది కూడా. కానీ ఒక గుంపు దిగి ఇంకో గుంపు ఎక్కి, పాట వెతికి పెట్టేసరికి మూడేసి నిమిషాలు పోయాయి. ఇరవైరెండు మూళ్ళు అరవయ్యారు. ఆ గంటా ఎవరి కాగితంలోనూ లేదు!

ఇది నేనే ఇద్దరికీ విడివిడిగా చెప్పేయొచ్చు. కానీ నేను చెబితే "నువ్వు ఆవిడ పక్షం" అంటారు. వాళ్ళే లెక్కపెట్టుకోవాలి. అందుకే విడివిడిగా ఒక్క మాటే అడిగాను: "ఈ మాట ఆవిడతో నేరుగా అన్నావా?" ఇద్దరూ లేదన్నారు. "నేను మోసుకెళ్ళను. మా ఇంటికి రండి, నేను పక్కన కూర్చుంటాను."

ఇఫ్తార్ వేళకి రమ్మన్నాను. ఆ అరగంట రోడ్లు ఖాళీ, షార్జా నుంచి వదిన ఇరవై నిమిషాల్లో వచ్చేసింది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు. సోఫాలో పక్కపక్కన, ముందు టీపాయ్ మీద కాగితం, ఫోటోలు. సంక్రాంతి గురించే మాట్లాడాలి, "నువ్వెప్పుడూ ఇంతే" అనకూడదు అని ముందే చెప్పాను.

పది నిమిషాలు బాగానే నడిచింది. అంతలో అక్క, "ఆవిడది దూకుడని నువ్వూ అన్నావుగా!" అంది. వదిన నా వైపు తిరిగి, "అక్కకి టైమ్ తెలీదని నాతోనూ అన్నావే!" అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. "అన్నాను. ఇద్దరితోనూ అన్నాను. తప్పు నాది" అన్నాను. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంక్రాంతి తర్వాత అదే మొదటిసారి అనుకుంటా.

అప్పుడు అక్క తనే కాగితం లాక్కుని లెక్క వేసింది. అరవయ్యారు దగ్గర పెన్ను ఆగింది. "ఇది నేను రాయలేదు" అంది మెల్లగా. వదిన కూడా, "మూత తీసేముందు స్టేజీ దగ్గరికొచ్చి ఇంకా ఎన్నున్నాయని అడగాల్సింది" అంది.

ఉగాదికి 16 అంశాలే పెట్టుకున్నారు, ఒక్కోదానికి ఏడు నిమిషాలు. 10:30కి మొదలుపెడితే 12:22కి అవుతుంది. 12:45కి భోజనం. అప్పటికీ కాకపోతే మిగిలినవి భోజనాలయ్యాకే. మూత తీయమని చెప్పేది అక్క ఒక్కతే, గారెల రెండో వాయి నూనెలో పడేది ఆ మాట విన్నాకే.

అన్నీ కాగితంతో తీరలేదు. సంక్రాంతి రోజు వదిన నలుగురి ముందు "ఏం పెత్తనం!" అంది. అది లెక్కలోకి రాదు. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ వదిన "ఆ రోజు అలా అనాల్సింది కాదు" అంది. అక్క "సర్లెండి" అంది. అండి చేర్చడం విన్నాను. పదేళ్ళ స్నేహం, నువ్వు అనుకునేవాళ్ళు. (డబ్బు లెక్కలు తేలకపోవడమో, ఒకరిని పదేపదే అవమానించడమో అయి ఉంటే నేను ఈ పని పెట్టుకునేదాన్ని కాదు. అప్పుడు మధ్యలో కూర్చోవడమంటే తప్పు చేసినవాళ్ళకి సగం మార్కులు వేసినట్టే.)

ఏప్రిల్ 5న ఆఖరి పాట 12:34కి అయింది. పన్నెండు నిమిషాలు ఆలస్యం, ఒక బుడ్డోడు స్టేజీ ఎక్కనని ఏడ్చాడు లెండి. అక్క మైకు పక్కన పెట్టి వంటల వైపు చెయ్యి ఊపింది. నూనెలో గారెలు పడ్డ చప్పుడు నాకు దూరంగా వినపడింది. కాసేపటికి వదిన ఒక ప్లేటులో రెండు వేడి గారెలు పట్టుకుని స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చింది.

"తినండి, మళ్ళీ రబ్బరవుతాయి" అంది.

"నువ్వు తిన్నావా?" అంది అక్క.