పుచ్చకాయ రిపోర్టు

కథల మీద, నవలల మీద రాయడం నాకు తీరికవేళల పని. ఉద్యోగంలో ప్రతి శుక్రవారం రాసే పేజీ మాత్రం ఒకటుంది, వీక్లీ స్టేటస్ రిపోర్ట్. పాఠకులు అయిదారుగురు, అందరూ క్లయింటు ఆఫీసులోనే. ఎడమవైపు పనుల పేర్లు, పక్కన తేదీలు, చివర ఒక రంగు: గ్రీన్, అంబర్, రెడ్. మిగతాదంతా వదిలేసినా ఆ రంగు మాత్రం చూస్తారు. అందుకే అబద్ధం చేరితే ముందు అక్కడే చేరుతుంది.

మా ఫీల్డులో ఇలాంటివాటిని పుచ్చకాయ రిపోర్టులంటారు. పైకి ఆకుపచ్చ, కోస్తే ఎరుపు. వీటిని రాసేవాళ్ళు మోసగాళ్ళేం కాదు. వచ్చే వారానికి సర్దుకుంటుందని నిజంగానే నమ్ముతారు. చిక్కల్లా రంగుని ఆ నమ్మకాన్ని బట్టి వెయ్యడంలోనే ఉంది.

ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో మేం రంగులకి ముందే అర్థాలు రాసుకున్నాం. పాత సిస్టమ్‌లోని పాలసీల డేటాని కొత్తదానిలోకి మార్చే పని అది. ఎవరి సాయం లేకుండా తేదీ నిలబడితే గ్రీన్. ప్లాన్‌లో దాచుకున్న అదనపు రోజుల్లో సగం ఖర్చయినా, మా తంటాలు మేం పడి తేదీ నిలబెట్టుకోగలిగితే అంబర్. టీమ్ బయటివాళ్ళు ఏదో ఒక నిర్ణయం తీసుకుంటే తప్ప తేదీ నిలబడదంటే రెడ్. అంటే రెడ్ తప్పు ఒప్పుకోవడం కాదు, "ఇక మీరు కదలాలి" అని చెప్పడం.

మాకున్న అదనపు రోజులు 10. రెండో ట్రయల్ రన్‌కి క్లయింటు తన డేటాలోని పేర్లూ నంబర్లూ మరుగుపరిచి ఒక కాపీ ఇవ్వాలి. సోమవారం రావాల్సిన ఆ కాపీ శుక్రవారానికీ రాలేదు. 5 రోజులు పోయాయి, 5 మిగిలాయి. అంబర్ పెట్టి, కింద ఒక వాక్యం రాశాను: "వచ్చే శుక్రవారంలోగా కాపీ అందకపోతే ఇది రెడ్ అవుతుంది." గడువు లేని అంబర్ నెలల తరబడి అంబర్‌గానే పడుంటుంది. ఎవరికీ దానివల్ల ఏమీ తెలీదు.

రెండో వారం కూడా కాపీ రాలేదు. అదనపు రోజులు సున్నా. మా అకౌంట్ మేనేజర్ గురువారమే నా సీటు దగ్గరికి వచ్చాడు.

"ఈ ఒక్క వారం అంబరే ఉంచు బాబూ. కాంట్రాక్టు రెన్యువల్ నెలాఖర్లో ఉంది."

"పోయిన వారమే తేదీ వేసి రాశాం కదా సర్. ఇప్పుడు మారిస్తే ఆ వాక్యాన్ని ఎవరు నమ్ముతారు?"

ఆయన భయం ఉత్తుత్తిది కాదు. 2006లో ఫోర్డ్ పగ్గాలు చేపట్టిన అలన్ ములాలీ కథ మాలాంటివాళ్ళకి తరచూ చెప్తారు. కంపెనీ వందల కోట్ల డాలర్ల నష్టంలో ఉండగా వారం వారం మీటింగులో చార్టులన్నీ గ్రీన్‌లోనే ఉండేవట. ఒకరు మొదటిసారి రెడ్ చూపిస్తే ములాలీ చప్పట్లు కొట్టాడు. కానీ అక్కడ చూసినవాడు సొంత బాసు. క్లయింటు చప్పట్లు కొట్టదు. ఆ రెడ్‌ని తీసుకెళ్ళి ఆవిడ తన బాసుకి చూపించాలి. అందుకే రిపోర్టు పంపకముందే, గురువారం సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాం. మెయిల్ తెరిచాక రెడ్ చూసి ఉలిక్కిపడే పరిస్థితి ఆవిడకి రాకూడదు.

తరవాత వాక్యం. "డేటా ఆలస్యమైంది" అంటే కర్త లేదు, డేటా తనంతట తనే ఆలస్యమైనట్టుంటుంది. "మీవాళ్ళు ఇవ్వలేదు" అంటే గొడవ. చివరికి ఇలా రాశాం: "సోమవారం, 4వ తేదీన అందాల్సిన కాపీ అందలేదు. మీ సెక్యూరిటీ విభాగం అనుమతి ఇవ్వాల్సి ఉంది. ఇకపై ఆగే ప్రతి రోజూ ప్రారంభ తేదీని ఒక రోజు వెనక్కి నెడుతుంది." ఎవరు, ఏం చెయ్యాలి, చెయ్యకపోతే ఏమవుతుంది, అంతే.

ఆవిడ ఆ రెడ్‌ని పట్టుకుని సెక్యూరిటీ విభాగం మీదికి వెళ్ళింది. తరవాతి గురువారం కాపీ వచ్చింది. కొత్త సిస్టమ్‌ని శనివారం రాత్రి తప్ప మొదలుపెట్టలేం కాబట్టి, పోయింది నాలుగు రోజులే అయినా తేదీ వారం జరిగింది. రంగు ఆలస్యాన్ని ఆపలేదు. ఇంకో రెండు వారాలు పోకుండా మాత్రం ఆపింది.

కొత్త తేదీ ఒప్పుకున్నాక రంగు మళ్ళీ గ్రీన్ అయింది. అసలు ప్రమాదం అక్కడుంది. తేదీ మార్చేస్తే ఎంత రెడ్ అయినా గ్రీన్ అయిపోతుంది. అందుకని మొదట ఒప్పుకున్న తేదీని కొట్టెయ్యకుండా, కొత్త తేదీ పక్కనే ఇంకో కాలమ్‌లో చివరిదాకా ఉంచాం. ఇప్పుడు ఎవరి రిపోర్టు నా ముందుకొచ్చినా రంగు తరవాత చూస్తాను. ముందు ఆ పాత తేదీ కాలమ్ ఉందా లేదా అని వెతుకుతాను.