కంది పొడి కవరు మీద ఏం రాయాలి?

ప్రస్తుతం మేముంటున్నది రాజస్థాన్‌లో. బడి మేళాలో ఒక బల్ల తెలుగు తరగతికి ఇస్తే, కంది పొడి అమ్ముదామని అనుకున్నాం. పొడి కొట్టడానికి ఒక పూట సరిపోయింది. దాని కవరు మీద అతికించే చీటీ రాయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

కందిపప్పు 500 గ్రాములు, సెనగపప్పు 250, ఎండుమిర్చి 75, ఉప్పు 60, జీలకర్ర 30, ఇంగువ 5 గ్రాములు తీసుకున్నాం. వెల్లుల్లి మానేశాం. అందులో తడి ఉంటుంది కాబట్టి పొడి ఎక్కువ రోజులు నిలవదు. చీటీలో దినుసులను గుర్తొచ్చిన వరసలో కాక బరువు వరసలో రాయాలి. అన్నిటికన్నా ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది చివర. అలా రాస్తే కొనేవాళ్లకు వంటకం సగం తెలిసిపోతుంది. ఏ పొడి చీటీలోనైనా ఉప్పు రెండోచోట కనిపిస్తే మాత్రం కొనేముందు ఆలోచించుకోవాల్సిందే!

చివరి మాట ఇంగువ దగ్గర కలం ఆగింది. మా తరగతిలో ఒక అమ్మాయికి గోధుమ పడదు. రవ్వంత తిన్నా రోజుల తరబడి కడుపునొప్పితో బాధపడుతుంది. "మేడమ్, ఇంగువ డబ్బా మీద ఏముందో ఒకసారి చదువుదామా?" అని అడిగింది. చదివితే గోధుమపిండి, బంక అని ఉంది. అసలు ఇంగువ చాలా ఘాటు. అందుకే బజారులో దొరికే డబ్బాల్లో ఎక్కువగా ఏదో ఒక పిండి, బంక కలిపి అమ్ముతారు. పప్పులతో చేసే పొడిలోకి గోధుమ వచ్చింది ఈ దారినే. కాబట్టి చీటీలో "ఇంగువ (గోధుమపిండి, బంక కలిసినది)" అని రాసి, కింద వేరే వరసలో "ఇందులో గోధుమ ఉంది" అని పెద్ద అక్షరాల్లో చేర్చాం. కొన్నదాన్ని మన వంటలో వాడినప్పుడు, దాని చీటీలో ఉన్నది మన చీటీలోకీ రావాలి.

తర్వాత తేదీలు. పొడి కొట్టింది 08-11-2024న, చీటీలు అతికించింది మరో నాలుగు రోజులకు. పొడి వయసు కొట్టిన రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ తేదీయే వేశాం. ఎప్పటిలోగా వాడాలన్నది తేలడానికి కొంత చర్చ జరిగింది. ఇక్కడి పొడి గాలిలో ఇలాంటి పొడి రెండు నెలలు బాగానే ఉండటం మేము చూశాం. విశాఖలో ఉన్నప్పుడు వానాకాలంలో నెల దాటగానే ఉండలు కట్టేది. మా దగ్గర కొనేవాళ్లలో ఎవరికి ఎప్పుడు బదిలీ ఉత్తర్వు వస్తుందో, ఈ కవరు ఏ సముద్రతీరానికి వెళ్తుందో ఎవరికి తెలుసు? అందుకని తక్కువ గడువే మేలని "07-12-2024 లోగా వాడాలి" అని రాశాం. కవరు తెరిచాక ఆ తేదీని నమ్ముకోకూడదు. అందుకే "తెరిచాక గాలి చొరని డబ్బాలో పోసి, తడి లేని చెంచా వాడండి" అని చేర్చాం.

తేదీ ఎంత జాగ్రత్తగా వేసినా, వేడి పొడిని కవరులో పోస్తే లాభం లేదు. ఆవిరి కవరు లోపల నీటి చుక్కలై పొడి ముద్ద కడుతుంది, ఆపైన బూజు పడుతుంది. వెడల్పు పళ్లెంలో పరిచి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగాం. ఖాళీ కవరును కాటా మీద పెట్టి సున్నా చేసి, అప్పుడు 200 గ్రాములు తూచాం. వేయించడంలో కొంత బరువు తగ్గినా నాలుగు కవర్లు వచ్చాయి. మిగిలిన కాస్త పొడిని చిన్న కవరులో కట్టి, అదే చీటీ అతికించి, బీరువాలో దాచాం. వారానికోసారి దాన్ని చూస్తాం. ఉండలు కట్టినా, ముక్కిన వాసన వచ్చినా వచ్చేసారి గడువు ఇంకా తగ్గించాల్సిందే.

మనం తెలుగులోనే రాద్దామని కొందరు పట్టుబట్టారు. మన దేశంలో అమ్మకపు చీటీ మీద వివరాలు ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఉండాలి, అదనంగా వేరే భాష చేర్చుకోవచ్చు. హిందీ పైన, తెలుగు కింద పెట్టాం. శాకాహారం గుర్తుగా ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క కూడా వేశాం. ఎప్పుడూ అమ్మేవాళ్లయితే ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు చేసుకుని, వాళ్లిచ్చే 14 అంకెల సంఖ్యను కూడా వేయాలి.

ఆ అమ్మాయి కోసం ఇంగువ లేకుండా ఇంకో వాయి చేశాం. మిక్సీ జారు కడిగి, దీన్నే ముందు కొట్టాం. అయినా "గోధుమ వాడే వంటింట్లోనే తయారైంది" అని దాని చీటీలో రాశాం. మేళా రోజు వాళ్లమ్మగారు వచ్చి, ఆ వరస చదివి, కవరును తిరిగి బల్ల మీద పెట్టేశారు. "ఏమీ అనుకోకండి మేడమ్, కొలతలు చెప్పండి చాలు, ఇంట్లో చేసుకుంటాం" అన్నారు. చీటీ వెనక రాసిచ్చాం.