బల్లిని పిలిచేది మన దీపమే

గత వర్షాకాలంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకుని మదరసా వంటశాలకు వెళ్ళేసరికి వంటమనిషి పప్పు గుండిగ ముందు దిగాలుగా నిలబడి ఉన్నాడు. "మౌల్వీ సాబ్, పైనుంచి బల్లి పడింది. తీసి పారేశాను. పిల్లలకు వడ్డించమంటారా?" అని అడిగాడు. అప్పటికే నలభై మంది పిల్లలు దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని ఉన్నారు. ఆ పప్పును పారబోయించి, ఆ పూట పెరుగు, ఊరగాయతో సరిపెట్టాము. అయితే వంటలో సాయం చేస్తూ ఒక గరిటెడు పప్పు రుచి చూసిన పిల్లవాడు "ఉస్తాద్, నేను చచ్చిపోతానా?" అంటూ ఏడ్చి, వాంతి చేసుకున్నాడు.

వెంటనే వానిని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన పరీక్షించి, ఇంటి బల్లికి విషం లేదని, పిల్లవాని చేత వాంతి చేయించింది భయమేనని చెప్పారు. అలాగని బల్లి పడిన ఆహారం తినదగినది కాదని కూడా హెచ్చరించారు. బల్లి పేగులలో, రెట్టలో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిములు ఉండవచ్చు. అవి ఆహారంలో చేరితే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. బాగా మరిగితే ఆ క్రిములు నశిస్తాయి గాని, చల్లారిన అన్నంలోను, మూతలేని నీటిలోను, కడిగి బోర్లించని పళ్ళెంలోను పడిన రెట్ట మాత్రం ప్రమాదమే. కనుక మనం భయపడవలసింది బల్లి కాటుకు కాదు, దాని రెట్టకు. నల్లని చిన్న కణిక, దాని కొనన తెల్లని చుక్క ఉంటే అది బల్లి రెట్ట అని గుర్తించవచ్చు.

మరునాటి రాత్రి వంటశాలలో నిలబడి చూశాము. ట్యూబులైటు సరిగ్గా పొయ్యికి పైన ఉంది. దాని చుట్టూ తొమ్మిది బల్లులు! కిటికీలోనుంచి వచ్చిన ఉసుళ్ళు, దోమలు ఆ వెలుగులో ముసురుకుంటుంటే బల్లులు కదలకుండా కాచుకుని పట్టి తింటున్నాయి. అప్పుడు విషయం బోధపడింది. బల్లులు దీపం కోసం రావు, దీపానికి వచ్చే పురుగుల కోసం వస్తాయి. తెల్లని, నీలి ఛాయ గల వెలుగుకు పురుగులు ఎక్కువగా వస్తాయి, పసుపు వెలుగుకు తక్కువగా వస్తాయి. పైగా ట్యూబులైటు పట్టీ వెనుకనున్న సందు వాటికి పగటి నివాసమైంది.

బల్లిని చంపవచ్చునన్న విషయం మన పాఠకులకు తెలిసినదే. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో అందుకు ఆదేశం ఉంది. ఒకే దెబ్బతో ముగించడం మేలన్న మాట కూడా సహీహ్ ముస్లింలో ఉంది. అందుచేత బల్లిని గంటల తరబడి గిలగిలలాడించే జిగురు అట్టలను మేము వద్దన్నాము. పైగా దీపం మార్చకుండా ఒకదానిని చంపితే ఆ చోటికి మరొకటి వస్తుంది.

మేము చేసినది ఇది. పొయ్యిపైనున్న ట్యూబులైటు తీయించి, పక్క గోడకు పసుపు ఎల్ఈడీ బల్బు పెట్టించాము. కొనేటప్పుడు పెట్టె మీద 2700K అని ఉందో లేదో చూసుకోవాలి. తెల్ల దీపాన్ని తలుపుకు పది అడుగుల అవతల, వుజూ చేసే చోట స్తంభానికి బిగించాము. కిటికీలకు దోమతెర కొట్టించి, మగ్రిబ్‌కు ముందే తలుపు మూయించసాగాము. కిటికీ చట్రాల పక్క సందులను సిమెంటుతో పూడ్చాము. చిటికెనవేలు దూరని సందులో కూడా బల్లి దూరగలదు. అల్మారాను గోడ నుండి జరిపితే వెనుక బటానీలంతటి తెల్లని గుడ్లు రెండు కనిపించాయి. వాటిని తీసివేసి, రెట్టలను తడి గుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కున్నాము. గుండిగలకు మూతలు తప్పనిసరి చేశాము.

అంతకుముందు ఎవరో చెప్పగా కోడిగుడ్డు పెంకులు వ్రేలాడదీశాము. బల్లులు వాటి పక్కనుంచే నడిచిపోయాయి. కలరా ఉండలను, పొగాకు కలిపిన ఉండలను మాత్రం పిల్లలున్న ఇంట పెట్టకండి. మిఠాయి అనుకుని నోట పెట్టుకుంటే బల్లికన్న అవే ప్రాణాపాయం.

నెల గడిచేసరికి వంటశాలలో రెండు బల్లులే మిగిలాయి. తక్కినవి వుజూ దగ్గరి స్తంభం పైకి చేరి దోమలను తింటున్నాయి. అక్కడ అవి ఉంటే మాకు నష్టమేమీ లేదు. ఆనాడు ఏడ్చిన పిల్లవాడే ఇప్పుడు ప్రతి రాత్రీ గుండిగలకు మూతలున్నాయో లేదో చూసి వచ్చి, "అన్నిటికీ ఉన్నాయి, ఉస్తాద్" అని మాకు చెప్పి నిద్రపోతున్నాడు.