ట్రయల్ నొక్కిన ప్రతివాడూ కస్టమర్ కాదు

ఏడు రోజులు ఫ్రీ అని కనిపించగానే యాప్ వేసుకుని, ఆటోపే ఓకే చేసి, ఆ మరుక్షణమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టడం మనందరికీ అలవాటే. నేనూ చేస్తాను. కానీ నా ఉద్యోగం అవతలి వైపు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంగ్లిష్ నేర్పే యాప్‌కి కోడ్ రాస్తాను. మాకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ యాడ్స్ చూసి వచ్చేవాళ్లే. పోయిన ఏడాది మా దగ్గర యాడ్స్‌కి ఆరు నెలలకు సరిపడా డబ్బే ఉంది. ఆలోపు డబ్బు కట్టే యూజర్లు పెరగకపోతే టీమ్‌లో సగంమందిని పంపేయాల్సిందే అని అందరికీ తెలుసు.

యాడ్ పెట్టేటప్పుడు మెటాకి ఒక్క విషయం చెప్పాలి. ఏ పని చేసేవాళ్లను వెతికి తెమ్మంటావు అని. యాప్ వేసుకునేవాళ్లనా, ట్రయల్ మొదలుపెట్టేవాళ్లనా, డబ్బు కట్టేవాళ్లనా? ఈ పనినే ఈవెంట్ అంటారు. ఏది చెప్తే అచ్చంగా అదే తెస్తుంది. ట్రయల్ మొదలుపెట్టేవాళ్లు కావాలంటే, దేశంలో ఫ్రీ అనే మాట చూడగానే నొక్కేవాళ్లందరినీ పట్టుకొస్తుంది. తప్పు దానిది కాదు, మనం అడిగింది అదే కదా.

మా పరిస్థితీ అదే. లెక్క సులువుగా ఉండటానికి గుండ్రటి అంకెల్లో చెప్తాను. వారానికి 2,10,000 రూపాయల ఖర్చు. ట్రయల్‌కి 200 చొప్పున 1,050 ట్రయల్స్. అందులో చివరికి డబ్బు కట్టేది 63 మంది, అంటే నూటికి ఆరుగురు. ఒక్కో కస్టమర్‌కి మాకు పడేది సుమారు 3,333 రూపాయలు. మా ఏడాది ప్లాన్ ధర కంటే అది ఎక్కువ.

వినగానే ఎవరికైనా తట్టేది ఒకటే. డబ్బు కట్టేవాళ్లనే తెమ్మని చెప్పొచ్చుగా? మా మార్కెటింగ్ చూసే అక్క కూడా అదే అంది. అక్కడే రెండు చిక్కులున్నాయి.

మొదటిది సంఖ్య. ఎవరు పనికొస్తారో మెటా నేర్చుకోవాలంటే ఒక్కో యాడ్ సెట్‌కి వారంలో దాదాపు 50 ఈవెంట్లు అందాలి. లేకపోతే స్క్రీన్ మీద `Learning limited` అని కనిపిస్తుంది. మాకు మూడు యాడ్ సెట్లు. 63 మందిని మూడుకి పంచితే 21 చొప్పునే. మూడింటినీ కలిపేస్తే ఈ చిక్కు తీరుతుంది. కానీ రెండోది తీరదు. అది సమయం. మేం పెట్టుకున్న సెట్టింగ్‌లో, యాడ్ నొక్కిన తర్వాత 7 రోజుల్లోపు జరిగిందే ఆ యాడ్ ఖాతాలో పడుతుంది. మా ట్రయల్ కూడా 7 రోజులే. ఆదివారం సాయంత్రం యాడ్ నొక్కి, పది నిమిషాల తర్వాత ట్రయల్ మొదలుపెట్టిన మనిషికి డబ్బు కట్ అయ్యేది వచ్చే ఆదివారం, ఆ పది నిమిషాలు దాటాక. అప్పటికి తలుపు మూసేసి ఉంటుంది. డబ్బు మన అకౌంట్‌లో పడుతుంది, కానీ ఆ మనిషిని తెచ్చింది తానే అని మెటాకి తెలియదు. తెలియనిదాన్ని ఏం నేర్చుకుంటుంది?

అందుకే మధ్యలో ఒక గుర్తు వెతకాలి. ట్రయల్ కంటే గట్టిది, డబ్బు కంటే ముందే కనిపించేది. ఊహించి పెట్టేది కాదు. రెండు నెలల కిందటి ట్రయల్స్ తీసుకున్నాను. వాటిలో ఎవరు కట్టారో, ఎవరు వెళ్లిపోయారో అప్పటికే తేలిపోయింది. ప్రతి గుర్తుకీ మూడు ప్రశ్నలు వేశాను. ఈ గుర్తు ఉన్నవాళ్లలో ఎంతమంది కట్టారు? కట్టినవాళ్లలో ఎంతమందికి ఈ గుర్తు ఉంది? వారానికి ఎన్ని వస్తాయి?

ఒక పాఠం పూర్తిచేసినవాళ్లు వారానికి 700 మంది, వాళ్లలో కట్టింది 60. నూటికి తొమ్మిది కూడా లేదు. జల్లెడ కన్నాలు మరీ పెద్దవి. వరసగా మూడు రోజులు యాప్ తెరిచినవాళ్లు 60 మంది, అందులో 30 మంది కట్టారు. సగానికి సగం! కానీ మళ్లీ సెట్‌కి 20 మందే, పైగా మూడు రోజులు ఆగాలి. మధ్యలో దొరికింది ఇది:

```
trial_started
and lessons_24h >= 2
and auto_renew == true
```

అంటే ట్రయల్ మొదలుపెట్టి, మొదటి 24 గంటల్లో రెండు పాఠాలు పూర్తిచేసి, అప్పటికి ఆటోపే క్యాన్సిల్ చేయనివాళ్లు. వారానికి 260 మంది, వాళ్లలో 52 మంది కట్టారు. అంటే ఐదుగురిలో ఒకరు. మిగిలిన 790 మందిలో కట్టింది 11 మందే. మూడు సెట్లకు పంచినా ఒక్కోదానికి 80కి పైనే. ఒక్క రోజులో తేలిపోతుంది కాబట్టి ఆ ఏడు రోజుల తలుపు గొడవ లేదు. ఈ ఈవెంట్‌ని ఫోన్ నుంచి కాకుండా మా సర్వర్ నుంచి పంపాం. రెండు చోట్ల నుంచీ పోతే, రెండింటికీ ఒకే ఐడీ ఇవ్వకపోతే ఒక్క మనిషి ఇద్దరుగా లెక్కకొస్తాడు.

మార్చిన మొదటి వారం ఆఫీసులో ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. ట్రయల్ ఖర్చు 200 నుంచి 300కి పెరిగింది. 1,050 ట్రయల్స్ కాస్తా 700 అయ్యాయి. “పాతదానికే మార్చేద్దాం రా, పైనుంచి ఫోన్లు వస్తున్నాయి” అంది అక్క. “ఇంకో పది రోజులు ఆగక్కా, ఈ బ్యాచ్ ట్రయల్ ఇంకా అవ్వనేలేదు” అన్నాను. ఇక్కడ చూడాల్సింది ట్రయల్ ఖర్చు కాదు, కట్టిన మనిషికి పడిన ఖర్చు. అది ట్రయల్ ముగిసి, ఫెయిలైన పేమెంట్లు మళ్లీ ప్రయత్నించడం కూడా పూర్తయితే గానీ తేలదు. తేలాక చూస్తే 700లో 70 మంది కట్టారు. కస్టమర్‌కి 3,000 రూపాయలు. అద్భుతమేమీ కాదు, కానీ మా ప్లాన్ ధర కంటే కిందకి దిగింది. ఆ నెల ఎవరినీ పంపలేదు.

ఈ గుర్తుకి చూపు అందని చోటు ఒకటుంది. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఆటో డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ వెళ్లాలి. ఆరో రోజు ఆ మెసేజ్ చూసి క్యాన్సిల్ చేసేవాళ్లు మా దగ్గర బాగానే ఉన్నారు. మొదటి రోజు గుర్తుకి వాళ్లు దొరకరు. అందుకే ఇక్కడ నూటికి 20 దాటడం కష్టం.

ఇంకోటి, ఒకసారి పెట్టి వదిలేసే పని కాదిది. కొన్నాళ్లకు మా యాప్ టీమ్ మొదటి పాఠం అవగానే రెండోది దానంతటదే మొదలయ్యేలా చేసింది. వారం తిరిగేసరికి 260 కాస్తా 400 అయింది, అందరూ సంబరపడ్డారు. కానీ గుర్తు ఉన్నవాళ్లలో కట్టేవాళ్లు నూటికి 20 నుంచి 13కి పడిపోయారు. రెండో పాఠం ఇష్టపడి చేస్తున్నవాళ్లెవరో, ఆపడం బద్ధకమై చేస్తున్నవాళ్లెవరో తేడా పోయింది. గుర్తుని మార్చి, రెండో పాఠం యూజర్ తనే నొక్కి మొదలుపెడితేనే లెక్కలోకి తీసుకున్నాం. అప్పటి నుంచి సోమవారం పొద్దున్నే నేను ముందు చూసేది ఎన్ని వచ్చాయన్నది కాదు, వచ్చినవాళ్లలో నూటికి ఎంతమంది కట్టారన్నది. మొదటిది పెరుగుతూ రెండోది తగ్గుతుంటే, మనం వెతికి తెమ్మంటున్నది కస్టమర్‌ని కాదన్నమాట.